గుంటలో 5.12, ఫోన్‌లో 0.51: టీసీపీ మెసేజ్ ఎక్కడ తెగుతుంది?

రొయ్యల గుంటల దగ్గర రాత్రి రెండింటికి ఫోన్ మోగితే అది మంచి కబురు కాదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే గట్టు మీద అందరూ ‘డీఓ’ అనేది, పొద్దుగూకినప్పటి నుంచి తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజాముకి అడుగుకి చేరుతుంది. 4 పీపీఎం పైన ఉంటే నిద్ర పడుతుంది. 3 కిందికి దిగితే ఏరేటర్లన్నీ తిప్పాల్సిందే. 1 కిందికి పోయిందంటే రొయ్య పైకి తేలడం మొదలైనట్టే. అలాంటిది ఫోన్‌లో ‘రెండో గుంట డీఓ 0.51’ అని వచ్చింది. వాచ్‌మన్ జనరేటర్ వేసి, టార్చి పట్టుకుని గట్టెంట పరుగెత్తి, చేతి మీటరు ముంచి చూస్తే 5.1 చూపించింది. వారం తిరక్కుండా మళ్లీ అదే గుంట, మళ్లీ అదే తంతు. మూడోసారి ఫోన్ మోగినప్పుడు ఎవరూ లేవరు. నిజంగా డీఓ పడిపోయిన రాత్రి కూడా ఎవరూ లేవకపోవచ్చు. అసలు నష్టం అక్కడుంది.

ఇలాంటప్పుడు తప్పంతా ముందు సెన్సర్ మీదికి పోతుంది. ప్రోబ్‌కి నాచు పట్టిందంటారు, కేబుల్లో ఉప్పునీరు దిగిందంటారు. ఆ తర్వాత టవర్ వంతు: ‘సిగ్నల్ సరిగా లేక డేటా పాడైంది’ అంటారు. రెండూ కాకపోయే అవకాశం బాగానే ఉంది. సెన్సర్ 5.12ని వందతో హెచ్చవేసి 512 అనే పంపింది. నెట్‌లో బైట్లను మోసుకెళ్లే టీసీపీ ఆ మూడు అంకెల్నీ వరుస తప్పకుండా, ఒక్క బైటు పోకుండా సర్వర్‌కి చేర్చింది. 51ని మాత్రమే చదివి మూడో అంకెను పారేసింది సర్వర్ ప్రోగ్రామ్. వచ్చిన బైట్లను చదివే `recv`ని ఒకసారి పిలిస్తే ఒక మెసేజ్ వస్తుందన్న నమ్మకంతో రాసిన ఒక్క లైను ఈ పని చేస్తుంది. అది ఎలా జరుగుతుందో బైట్లు లెక్కపెట్టి చూడొచ్చు. లెక్క కొంచెం ఓపిగ్గా వేస్తే, తెగేది ఏ గుంట మెసేజో కూడా ముందే చెప్పొచ్చు.

నెల్లూరు జిల్లాలో విడవలూరు, అల్లూరు వైపు తీరంలో ఎనిమిది గుంటల సాగు ఒకటి ఉందనుకుందాం. మోటారు షెడ్డులో చిన్న లినక్స్ బోర్డు, దానికో 4జీ మోడెమ్. 30 సెకన్లకోసారి ఆ బోర్డు G01 నుంచి G08 దాకా ఎనిమిది గుంటల రీడింగులు వరసగా చదివి, ఒక్కో గుంటకు ఒక్కో లైను చొప్పున దూరంగా ఉన్న సర్వర్‌కి పంపుతుంది. కనెక్షన్ ఒకటే, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చిన్న బోర్డుల్లో దశాంశాల గొడవ ఎందుకని చాలామంది విలువను వందతో హెచ్చవేసి పంపుతారు కాబట్టి, 29.40 డిగ్రీలు 2940గా, 5.12 పీపీఎం 512గా పోతాయి. లైను ఇలా ఉంటుంది:

```
G02,T,2940,DO,512\n
```

చివర ఉన్న `\n` ఒకటే బైటు. మొత్తం కలిపితే 18 బైట్లు. ఈ పద్దెనిమిదిని గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

సర్వర్ వైపు మొదట రాసిన కోడ్ దాదాపు అందరూ రాసేలాంటిదే:

```python
data = conn.recv(1024)
f = data.decode().strip().split(",")
save(f[0], int(f[2]), int(f[4]))
```

ఆఫీసులో ఇది చక్కగా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లోనే సర్వర్, ల్యాప్‌టాప్‌లోనే నకిలీ సెన్సర్. అది ఒక లైను పంపి ఒక సెకను ఆగి మరో లైను పంపుతుంది. ఆ సెకను సందులో సర్వర్ వచ్చింది వచ్చినట్టు చదివేస్తుంది కాబట్టి, ఒక `recv`కి ఒక మెసేజే దొరుకుతుంది. వందసార్లు పరీక్షించినా వందసార్లూ సరిగ్గానే వస్తుంది. ఆ సరిగ్గా రావడం టీసీపీ ఇచ్చిన మాట వల్ల కాదు, మధ్యలో పెట్టిన సెకను వల్ల. ఈ తేడా ఆఫీసులో కనపడే దారే లేదు.

టీసీపీ మాట ఇచ్చేది ఒక్కదానికే: ఇటు రాసిన బైట్లు అటు అదే వరసలో, పోకుండా, రెండుసార్లు రాకుండా చేరతాయి. 1981లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793లోనూ, 2022లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293లోనూ ఒప్పందం ఇదే. మెసేజ్ అన్న మాటకు టీసీపీ దగ్గర అర్థమే లేదు. కాలువ ఎగువన ఎనిమిది బిందెల నీళ్లు పోస్తే, దిగువన ఎనిమిది బిందెలు తేలుతూ రావు, నీళ్లే వస్తాయి. దిగువన ఉన్నాయన చెంబుతో ముంచుకుంటే చెంబెడు వస్తాయి, డ్రమ్ము పెడితే డ్రమ్మెడు. `recv(1024)`లో 1024 అన్నది ఆ పాత్ర సైజు, అంతకు మించి ఇవ్వొద్దన్న హద్దు. ఎన్ని ఇవ్వాలో అది చెప్పదు. అప్పటికి కెర్నల్ బఫర్‌లో ఎన్ని బైట్లు చేరి ఉంటే అన్ని, 1024కి మించకుండా, చేతిలో పెడుతుంది.

యూడీపీతో మొదలుపెట్టిన వాళ్లకు ఈ పొరపాటు మరీ సులువుగా పట్టుకుంటుంది. అక్కడ ఒక్కో డేటాగ్రామ్ విడిగానే వస్తుంది, ఒక `recv`కి ఒకటే. ఫంక్షన్ పేరు రెండుచోట్లా ఒకటే కావడం పెద్ద చిక్కు.

బోర్డును గుంటల దగ్గర బిగించిన మొదటి రోజే మొదటి తేడా బయటపడుతుంది. ఎనిమిది లైన్లూ వెంటవెంటనే ఎనిమిది `send`లుగా పోతాయి. కానీ జాన్ నేగల్ 1984లో ఆర్‌ఎఫ్‌సీ 896లో చెప్పిన పద్ధతి టీసీపీలో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. పంపిన దానికి అవతలి నుంచి రసీదు రాకముందు ఇంకో చిన్న ముక్క పంపొద్దు, పోగుచేసి పెట్టు అన్నది దాని సారం. అందువల్ల G01 లైను వెంటనే ఒంటరిగా పోతుంది. దాని రసీదు వచ్చేలోపు G02 నుంచి G08 దాకా ఏడు లైన్లు పోగుపడి, రసీదు రాగానే ఒకే ముక్కగా బయల్దేరతాయి. సర్వర్‌లో మొదటి `recv` 18 బైట్లు, రెండోది 126 బైట్లు ఇస్తుంది. 126ని పద్దెనిమిదితో భాగిస్తే ఏడు. పై కోడ్ ఆ ఏడు లైన్లనూ ఒకే మెసేజ్ అనుకుని కామాల దగ్గర కోస్తే, ఐదో ముక్క `512\nG03` అవుతుంది. దాన్ని `int` అంకెగా మార్చలేక ఎర్రర్ కొడుతుంది.

ఇది గొడవ చేసే తప్పు కాబట్టి మంచి తప్పే. ప్రోగ్రామ్ ఆగిపోతుంది, ఎవరో ఒకరు చూస్తారు. చూసినవాళ్లకు లైన్లు కలిసిపోయాయని వెంటనే అర్థమవుతుంది. అప్పుడు చేసే మార్పు చాలా ప్రాజెక్టుల్లో ఇదే:

```python
data = conn.recv(1024)
for line in data.decode().splitlines():
    f = line.split(",")
    try:
        save(f[0], int(f[2]), int(f[4]))
    except (ValueError, IndexError):
        pass
```

ఈ సగం వైద్యమే అసలు ప్రమాదం. కలిసిపోయిన లైన్లను ఇది విడదీస్తుంది, నిజమే. కానీ వచ్చిన ముక్క మొదట్లో ఉన్నది లైను మొదలేనని, ముక్క చివర ఉన్నది లైను చివరేనని ఇంకా నమ్ముతూనే ఉంది. 18, 126, 18, 126 అని వచ్చినంతకాలం ఆ నమ్మకం వమ్ము కాదు. నెలలు గడుస్తాయి. పైగా `pass` ఒకటి చేరింది. ముందు ఎర్రర్‌గా అరిచేది ఇకమీదట అరవదు.

ఇక ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఒక రాత్రి. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో వానంతా అక్టోబరు, నవంబరుల్లోనే ఎక్కువ. గాలికి కరెంటు పోవడం, టవర్ పోయి రావడం మామూలే. సరిగ్గా ఒక విడత పంపే వేళకి సిగ్నల్ పోయిందనుకుందాం. ఆ క్షణాన్ని సున్నా సెకను అందాం. G01 లైను బయల్దేరింది, దారిలో పోయింది. రసీదు లేదు కాబట్టి మిగతా ఏడు లైన్లు బోర్డు కెర్నల్‌లోనే ఆగాయి. బోర్డులోని ప్రోగ్రామ్‌కి ఇదేమీ తెలియదు. `send` పిలిచింది, కెర్నల్ తీసుకుంది, అంతే. 30వ సెకనులో ఇంకో ఎనిమిది, 60లో ఇంకో ఎనిమిది, అన్నీ అదే పోగులో చేరుతూ ఉంటాయి.

ఈలోగా టీసీపీ ఆ మొదటి 18 బైట్లను మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. ప్రతిసారీ ఎదురుచూసే సమయం రెట్టింపవుతుంది. ఎదురుచూపు 1 సెకనుతో మొదలైతే తర్వాత 2, 4, 8, 16, 32, 64 సెకన్లు. కలుపుకుంటూ పోతే ప్రయత్నాలు 1, 3, 7, 15, 31, 63, 127 సెకన్ల దగ్గర పడతాయి. ఆ పైన లినక్స్‌లో ఒక్కో ఎదురుచూపు 120 సెకన్లకు మించదు, కాబట్టి తర్వాతి ప్రయత్నం 247వ సెకనులో. సిగ్నల్ 130వ సెకనుకే వచ్చేసినా లాభం లేదు. 127లో చేసిన ప్రయత్నం అప్పటికే విఫలమైంది, 247 దాకా ఎవరూ కదలరు. అంటే టవర్ పోయింది రెండు నిమిషాల చిల్లరే అయినా, పోగుపడేది నాలుగు నిమిషాల డేటా. సున్నా నుంచి 240 సెకన్ల దాకా తొమ్మిది విడతలు, విడతకు ఎనిమిది లైన్లు, మొత్తం 72 లైన్లు, 1,296 బైట్లు.

247వ సెకనులో G01 లైను ఈసారి చేరుతుంది. సర్వర్‌లో `recv` 18 బైట్లు ఇస్తుంది. రసీదు వెనక్కి వెళ్లగానే మిగతా 71 లైన్లు, 1,278 బైట్లు, ఒకే సెగ్మెంటుగా వచ్చి పడతాయి. ఒక సెగ్మెంటులో పట్టేది మామూలుగా 1,300 నుంచి 1,460 బైట్ల మధ్య ఉంటుంది కాబట్టి ఇది ఇమిడిపోతుంది. కానీ పాత్ర 1024 బైట్లదే. 1024లో పద్దెనిమిదులు 56 పడతాయి, అంటే 1,008 బైట్లు. ఇంకా 16 బైట్ల చోటు ఉంటుంది. 57వ లైనులో మొదటి 16 బైట్లు అందులోకి వస్తాయి:

```
G02,T,2940,DO,51
```

మిగిలిన `2`, దాని వెనకున్న `\n` తర్వాతి `recv`కి పోతాయి. సగం వైద్యం చేసిన కోడ్ కళ్లకు ఇది నిండు లైను. ఐదు ముక్కలున్నాయి, అంకెలన్నీ అంకెలే. డీఓ 51 అని రాసుకుంటుంది, వందతో భాగిస్తే 0.51, ఫోన్ మోగుతుంది. తర్వాతి `recv` మొదట్లో వచ్చిన ఒంటరి `2`ని కామాల దగ్గర కోస్తే ఒకే ముక్క వస్తుంది, `IndexError` వస్తుంది, `pass` దాన్ని మింగేస్తుంది. ఆ వెనక 14 నిండు లైన్లు మామూలుగా ఎక్కుతాయి.

తెగిన లైను G02దే ఎందుకైందంటే, G01 ముందే ఒంటరిగా వెళ్లిపోయింది. పెద్ద ముక్క G02తో మొదలవుతుంది. 56 లైన్లంటే ఎనిమిది గుంటలకు సరిగ్గా ఏడు చుట్లు. చుట్లు పూర్తయ్యాక 57వ లైను మళ్లీ G02 దగ్గరికే వస్తుంది. అందుకే ప్రతిసారీ రెండో గుంటే. రైతు ఆ గుంట ప్రోబ్ మార్పించినా, కేబుల్ కొత్తది వేయించినా అదే గుంట అలారం కొడుతుంది. తప్పు ఒకే గుంటకు అంటుకుని ఉంటే అది సెన్సర్‌దే అనుకోవడం సహజం. ఇక్కడ మాత్రం 1024ని పద్దెనిమిదితో భాగించిన శేషం గుంటను ఎంచుకుంటోంది.

రాత్రిపూట ఈ లెక్క ఇంత కచ్చితంగా ఉండటానికి ఒక కారణముంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం, నీళ్లు పచ్చబారి ఉన్న గుంటల్లో డీఓ 10 దాటొచ్చు. అప్పుడు 512 స్థానంలో 1012 వస్తుంది, లైను 19 బైట్లవుతుంది, తెగే చోటు జరుగుతుంది. ఒకసారి గుంట పేరు మధ్యలో తెగొచ్చు, ఒకసారి ఉష్ణోగ్రత దగ్గర. వాటిలో చాలావరకు ఎర్రరై `pass`లో కలిసిపోతాయి, ఆ రీడింగు పోయిందని కూడా ఎవరికీ తెలియదు. రాత్రి అన్ని గుంటలూ మూడంకెల్లోనే ఉంటాయి కాబట్టి కోత ప్రతిసారీ డీఓ అంకెల మధ్యే పడుతుంది. నమ్మించే అబద్ధం చెప్పడానికి వీలైన చోటు అదే.

లైన్ల లెక్క చూసినా ఈ తప్పు దొరకదు. ఆ రాత్రి డేటాబేస్‌లో ఎక్కిన వరుసలు ఒకటి, యాభై ఏడు, పద్నాలుగు, మొత్తం 72. పంపినవీ 72. ఒక్క వరుస తగ్గలేదు, ఒక్కటి ఎక్కువ కాలేదు.

మరి గుర్తుపట్టేదెలా? మొదటి ఆనవాలు విలువలోనే ఉంటుంది. తప్పుడు అంకె పక్క రీడింగులకు తలకాయలా ఉంటుంది: ముందు 514, తర్వాత 511, మధ్యలో 51. ఉప్పునీరు దిగిన కేబుల్ 51 చూపించదని కాదు, కానీ ప్రతిసారీ పక్కవాటి మొదటి రెండు అంకెలే చూపించదు. విలువ పదో వంతుకు పడి, మరుక్షణం పాత చోటికి వస్తే కోత మీద అనుమానం రావాలి. రెండో ఆనవాలు సమయం. లైన్లలో సమయం లేదు కాబట్టి సర్వర్ తన గడియారం చూసి రాసుకుంటుంది. ఆ తప్పుడు విలువ చుట్టూ పదుల కొద్దీ రీడింగులు ఒకే సెకనులో పడి ఉంటాయి, దానికి ముందు నాలుగు నిమిషాలు ఖాళీ. (గుంట దగ్గరే సమయం రాసి పంపకపోవడం వేరే లోపం. దాన్ని కూడా దిద్దాలి గానీ దానికీ కోతకూ సంబంధం లేదు.)

అనుమానం తేలాలంటే `recv` కింద ఒక్క లైను చాలు:

```python
print(len(data), repr(data[-20:]))
```

మామూలు రోజు 18, 126 అని జంటగా వస్తూ ఉంటాయి, ప్రతి ముక్కా `\n`తో ముగుస్తుంది. సిగ్నల్ పోయి వచ్చిన రోజు 18, 1024, 254 కనపడతాయి. ఆ 1024 ముక్క చివర `\n` లేకపోవడం కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది. లాగ్‌లో అడిగిన సైజే సరిగ్గా వచ్చిందంటే, బఫర్‌లో ఇంకా మిగిలి ఉందన్న అనుమానం ఎప్పుడూ న్యాయమైనదే. కొందరు `tcpdump` పెట్టి, ప్యాకెట్ల మీద పీఎస్‌హెచ్ జెండా చూసి అదే మెసేజ్ హద్దు అనుకుంటారు. కాదు. ఆ జెండా రికార్డు గుర్తు కాదని 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 ప్రత్యేకంగా చెప్పింది.

ఈ దశలో దొరికే చిట్కా మందులు మూడు. ఒకటి, పాత్ర పెంచడం: `recv(65536)`. దాంతో ఆ రాత్రి 1,278 బైట్లూ ఒకేసారి వచ్చి అలారం మోగదు, రోగం కుదిరిందనిపిస్తుంది. కానీ టవర్ ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ పోతే పోగు ఒక సెగ్మెంటులో పట్టదు, రెండు మూడు సెగ్మెంట్లవుతుంది. మొదటిది రాగానే `recv` దాన్ని ఇచ్చేస్తుంది. సెగ్మెంటు అంచు లైను అంచు మీదే పడాలన్న రూలేమీ లేదు. కోత 1024 దగ్గర నుంచి 1,400 దగ్గరికి జరిగింది, అంతే. రెండోది `TCP_NODELAY`. నేగల్ పద్ధతిని ఆపితే మామూలు రోజుల్లో లైన్లు విడివిడిగా వస్తాయి. సిగ్నల్ పోయినప్పుడు పోగుపడటాన్ని అది ఆపలేదు. మూడోది పంపేవైపు ప్రతి లైను తర్వాత `sleep(0.2)`. ఆఫీసులో నకిలీ సెన్సర్ చేసిన మాయనే గుంటల దగ్గరికి తేవడం ఇది. టవర్ లేని నాలుగు నిమిషాలకు ఆ ఐదో వంతు సెకను ఏ మూలకు? మూడు మందులూ తప్పును అరుదు చేస్తాయి. వారానికోసారి వచ్చేది ఆరు నెలలకోసారి వస్తుంది, అప్పటికి దాన్ని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు మందు చిన్నదే. వచ్చిన బైట్లను ముందు ఒక చోట పోయాలి, అందులోంచి `\n`తో పూర్తయిన లైన్లను మాత్రమే తీయాలి, మిగిలిన ముక్కను తర్వాతి `recv` దాకా దాచాలి.

```python
buf = b""
while True:
    data = conn.recv(1024)
    if not data:
        break
    buf += data
    while b"\n" in buf:
        line, buf = buf.split(b"\n", 1)
        handle(line)
    if len(buf) > 256:
        break
```

ఆ రాత్రి బైట్లే దీనికి ఇస్తే, 1024 ముక్క వచ్చాక 56 లైన్లు బయటికి వస్తాయి, `buf`లో `G02,T,2940,DO,51` మిగిలిపోతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే చివర `\n` లేదు. తర్వాతి 254 బైట్లు వచ్చి వెనక చేరగానే ఆ లైను `G02,T,2940,DO,512` అవుతుంది, తర్వాత మిగతా 14 లైన్లు వస్తాయి. `\n` ఇక్కడ లైన్లను విడదీసే గీతగా మాత్రమే పనిచేయడం లేదు, ‘ఈ లైను పూర్తయింది’ అన్న సంతకంగా కూడా పనిచేస్తోంది. సగం వైద్యంలో తప్పిపోయింది ఈ రెండో అర్థమే.

ఈ పదకొండు లైన్లలో జారే చోట్లు కొన్ని ఉన్నాయి. `buf` ఒక్కో కనెక్షన్‌కి ఒక్కొక్కటి ఉండాలి. అందరికీ కలిపి గ్లోబల్‌గా పెడితే అల్లూరు బోర్డు సగం లైనూ, కావలి బోర్డు సగం లైనూ అతుక్కుంటాయి. కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు కూడా ఖాళీ `buf`తోనే మొదలవ్వాలి. `recv` ఖాళీ బైట్లు ఇచ్చిందంటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని అర్థం. అప్పటికి `buf`లో మిగిలిన ముక్కను ‘పోనీలే, ఎంతో కొంత’ అని `handle`కి ఇవ్వకూడదు. అలా ఇస్తే 0.51 వెనక గుమ్మం నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. 256 హద్దు ఎందుకంటే, లైను 20 బైట్లు కూడా దాటని చోట 256 బైట్లు వచ్చినా `\n` కనపడలేదంటే అవతల ఉన్నది మన బోర్డు కాదు, లేదా అది పిచ్చెక్కి ఏదో పంపుతోంది. హద్దు లేకపోతే సర్వర్ మెమరీ నిండేదాకా పోసుకుంటూనే ఉంటుంది.

`decode`ని లైను పూర్తయ్యాక `handle` లోపలే చేయడం కూడా కావాలని పెట్టిందే. గుంటలకు G02 అని కాకుండా ‘తూర్పు గుంట’ అని పేరు పెట్టిన రైతు ఉంటే, యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘తూ’ అంటే తకారం, దీర్ఘం కలిపి ఆరు బైట్లు. కోత అక్షరం నడుమ పడితే, వచ్చిన ముక్కను వెంటనే `decode` చేసే కోడ్ `UnicodeDecodeError` ఇచ్చి చస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో ఏడాది నడిచిన ప్రోగ్రామ్ తెలుగు పేరు పెట్టిన వారానికే పడిపోతే, ‘తెలుగు సపోర్ట్ లేదు’ అని తేల్చేయడం చూస్తుంటాం. తెలుగు తప్పేమీ లేదు అక్కడ.

ఫోటోల్లాంటి వాటిని పంపాలంటే `\n` పనికిరాదు, ఆ బైటు డేటాలోనే ఉండొచ్చు. అక్కడ ముందు నాలుగు బైట్లలో పొడవు రాసి, తర్వాత అన్ని బైట్లు పంపే పద్ధతి వాడతారు. అందులో మర్చిపోకూడనిది ఒకటే: ఆ నాలుగు బైట్లు కూడా రెండు ముక్కలుగా రావచ్చు. పంపేవైపు సంగతి కూడా ఇలాంటిదే. పైథాన్‌లో `send` ఇచ్చినదంతా తీసుకోకపోవచ్చు, ఎంత తీసుకుందో తిరిగి చెబుతుంది. దాన్ని పట్టించుకోని కోడ్‌లో లైను పంపేచోటే తెగుతుంది. `sendall` వాడితే ఆ బాధ లేదు.

చివరిగా పరీక్ష. టవర్ పోయేదాకా ఆగనక్కర్లేదు. కోడ్‌లో `recv(1024)`ని `recv(7)` చేసి నడపడమే. ఏడుకీ పద్దెనిమిదికీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి, ముక్క అంచు లైనులో పద్దెనిమిది చోట్లా ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది: పేరు మధ్యలో, కామా ముందు, 51కీ 2కీ నడుమ, `\n` ముందు. రెండు వెర్షన్లకూ అవే 72 లైన్లు ఇస్తే, సగం వైద్యం చేసిన కోడ్ ఒక్క వరుస కూడా రాసుకోదు. నిండు లైనుకు 17 బైట్లన్నా కావాలి, దాని చేతికి ఏడేసి బైట్లకు మించి రావు. `buf` ఉన్న కోడ్ మాత్రం 72 వరుసలు రాస్తుంది, రెండో గుంట వరుసల్లో 51 ఒక్కచోట కూడా ఉండదు. ఆ పరీక్ష నెగ్గాక ఏడును మళ్లీ 1024 చేసి సర్వర్‌కి ఎక్కించొచ్చు. టవర్ పోయి వచ్చిన రాత్రి లాగ్‌లో 18, 1024, 254 అలాగే కనపడతాయి.